మూడో ట్యాంకు మెయిల్

అడ్రసు గడిలో 'ఈటీపీ' అని కొట్టగానే కింద రెండు పేర్లు దిగాయి. ఆ కంపెనీలో మెయిల్ ఐడీలన్నీ విభాగం పేరుతోనే మొదలవుతాయి. పైన సునీల్‌కుమార్. కింద రవళి.

హరిచందన చేయి మౌస్ మీదే ఆగిపోయింది.

సునీల్‌కుమార్ పోయి రెండేళ్లు దాటింది. అతని ఐడీ ఎప్పుడో తీసేశామని కంప్యూటర్ల వాళ్లు చెప్పారు. కానీ ఈ సేఫ్టీ మేనేజరు మెయిల్ కుర్చీతో పాటే చేతులు మారుతూ వచ్చింది. ఆమెకు ముందు ఈ కుర్చీలో కూర్చున్న రాజారావు ఎవరెవరికి రాసేవాడో ఆ పేర్లన్నీ దానికి ఇంకా గుర్తే. మిగతావాటికి ఆమె అలవాటు పడింది. ఈ ఒక్క పేరు దగ్గర మాత్రం ఎవరో తలుపు దగ్గర నిలబడి లోపలికి రమ్మంటారా అని అడుగుతున్నట్టు ఉంటుంది.

కాజీపల్లి వైపు రోడ్డులో ఉన్న ఆ మందుల ఫ్యాక్టరీలో వెనకవైపు మురుగు శుద్ధి చేసే విభాగం ఉంది. దాన్ని అందరూ ఈటీపీ అంటారు. అక్కడ వరసగా నిలబడ్డ స్టీలు ట్యాంకుల్లో మూడోది రెండేళ్లుగా ఖాళీగా ఉంది. ఆ పక్కనుంచి పోతే దగ్గరదారే అయినా షిఫ్టు మారేటప్పుడు జనం చుట్టూ తిరిగి పోతారు. ఎవరూ ఎందుకని అడగరు.

ఇప్పుడు ఆ ట్యాంకు మళ్లీ కావాల్సి వచ్చింది. ప్లాంట్ హెడ్ శివరామకృష్ణ మధ్యాహ్నం ఒక మెయిల్ పంపాడు. పైన ఒకే వాక్యం: "దయచేసి ముందుకు తీసుకెళ్లండి." దాని కింద కొనుగోలు విభాగం, కాంట్రాక్టరు, ప్రొడక్షను, మెయింటెనెన్సు ఒకరికొకరు రాసుకున్నవన్నీ తాడులా వేలాడుతున్నాయి. ఆ తాడంతా దిగి చదివితే తేలింది ఇంతే: సోమవారం కాంట్రాక్టరు మనుషులు ట్యాంకులోకి దిగి శుభ్రం చేస్తారు. ఆలోగా దానికి తగిలి ఉన్న గొట్టాలన్నీ చూసి, ఏవి మూయాలో తేల్చాలి.

ఆ పని ఈటీపీలో కెమిస్టుగా ఉన్న రవళిది. హరిచందన చేయాల్సింది ఫార్వర్డ్ నొక్కి, 'కింది మెయిల్ చూసి అవసరమైనది చేయగలరు' అని రాసి పంపడమే. ఫార్వర్డ్ నొక్కింది కూడా. వేళ్లు ఆ ఇంగ్లీషు మాటలను వాటంతటవే కొట్టేశాయి. ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్.

అప్పుడే అడ్రసు గడిలో ఆ పేరు దిగింది.

రెండేళ్ల కింద రాజారావు మెయిల్ పైన రాసిన మాట కూడా అక్షరం తేడా లేకుండా ఇదే. విచారణ రోజుల్లో హరిచందన సేఫ్టీ విభాగంలో చిన్న ఉద్యోగి. ఆ మెయిల్ ప్రింటు బల్లమీద చేతులు మారుతుంటే చూసింది. మూడో ట్యాంకు లోపల తుప్పు ఉందేమో చూడాలని ఎవరో అడిగారు. అడిగింది ఒకరినుంచి ఒకరికి పోయి, చివరికి రాజారావు దగ్గరినుంచి సునీల్‌కుమార్‌కు చేరింది. అడుగున ఎక్కడో మెయింటెనెన్సు వాళ్లు రాసిన ముక్క ఉంది: ట్యాంకుకు నైట్రోజన్ ఇంకా తెరిచే ఉంది, మేము ఆపేదాకా మూత తీయవద్దు. లోపలి రసాయనాల ఆవిరికి నిప్పు అంటుకోకుండా ఆ గ్యాసును ట్యాంకుల్లో నింపి ఉంచుతారు. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. దగ్గు కూడా రానివ్వదు. ఊపిరి పీల్చినట్టే ఉంటుంది గానీ పీల్చిందాంట్లో ప్రాణవాయువు ఉండదు.

సునీల్‌కుమార్ మూత తీసి, టార్చి వేసి, లోపలికి తల వంచాడు. అంతే.

"నేను పంపిన మెయిల్లో అంతా ఉంది కదా," అన్నాడు రాజారావు విచారణలో. అబద్ధం కాదు. అంతా ఉంది. ఆ మాట అన్నాక ఆయన చాలాసేపు ప్రింటు వంకే చూస్తూ ఉండిపోయాడు. కొన్నాళ్లకు ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు. ఆయన చెడ్డవాడు కాదని హరిచందనకు తెలుసు. అందుకే ఎక్కువ భయం వేసేది.

కొట్టినదంతా చెరిపేసి కొత్త మెయిల్ తెరిచింది. ఈసారి ఏదీ వదలకూడదనుకుంది. చేయవలసినవి, చేయకూడనివి, తప్పితే ఎవరు బాధ్యులు, అన్నీ ఎర్ర అక్షరాల్లో పెట్టింది. చదువుకుంటే పోలీసు నోటీసులా ఉంది. రవళి దాన్ని తెరవగానే 'రేపు ఏదైనా అయితే నామీదికి తోయడానికి రాశారు' అనుకుంటుంది. అలా అనుకుంటే తప్పేం లేదు. నిజంగానే సగం అందుకే రాసింది.

దాన్నీ తీసేసింది. ఇంకోసారి మొదలుపెట్టి ట్యాంకు ఎప్పుడు కట్టారు దగ్గర్నుంచి తనకు తెలిసిందంతా రాసుకుంటూ పోయింది. తెర నిండింది, కిందికి జరిగింది, మళ్లీ నిండింది. ఇదీ తాడే. ఈసారి తానే పేనిన తాడు, అంతే తేడా.

లేచి హెల్మెట్ పెట్టుకుని వెనక్కి నడిచింది.

ఎండ బాగా ఉంది. పంపుల చప్పుడు మూడో ట్యాంకు దగ్గరికి వచ్చేసరికి తగ్గిపోయినట్టు అనిపించింది. అది నిజం కాదు, గోడ అడ్డమొచ్చిందంతే. అయినా ఆమె తిరిగి చూసింది. ట్యాంకు రేకు మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. నీడవైపు కూడా వెచ్చగానే ఉంది. ఎవరో అప్పటిదాకా ఆనుకుని కూర్చుని ఇప్పుడే లేచిపోయినట్టు ఉంది. చటుక్కున చెయ్యి తీసేసింది.

"గాడ నిలవడకుర్రి మేడం."

రవళి. శాంపిలు సీసాల బుట్ట పట్టుకుని కాస్త దూరంలో ఆగింది. గుమ్మడిదల దగ్గర ఊరు ఆమెది. సునీల్‌కుమార్‌దీ ఆ ఊరే. ఒకే ఆటోలో డ్యూటీకి వచ్చేవాళ్లు. వరసకు అన్న కాదు గానీ అన్నా అనే పిలిచేది.

"ఏం రవళీ, భయమా?"

"భయం గాదు. ఎందుకో మంచిగ అనిపియ్యదు." బుట్ట కింద పెట్టింది. "ఈ ట్యాంకు పని నాకే వస్తదని తెల్సు మేడం. మెయిల్ పంపుతరా?"

"రాస్తున్నాను. కుదరడం లేదు."

రవళి ట్యాంకు వంక చూడకుండా చెప్పింది. "అన్న ఆ మెయిల్ గేటు కాడ చదివిండు. చాయ్ తాగుకుంట, ఫోన్ల. నాకు గూడ చూపెట్టిండు. 'ఏందో శాన ఉన్నది చెల్లె, పైన మాత్రం నీడ్‌ఫుల్ జెయ్యమన్నరు, జల్దీ అన్నరు' అన్నడు. 'నీడ్‌ఫుల్ అంటె ఏందే?' అని అడిగిండు. నేను నవ్విన. 'నీకు ఏది అవసరమనిపిస్తే గది' అన్న."

ఆ చివరి మాట అని, సీసాల మూతలు బిగుతుగా ఉన్నాయో లేదో ఒక్కొక్కటే చూడసాగింది. అన్నీ బిగుతుగానే ఉన్నాయి.

"ఎవరికీ చెప్పలేదా ఈ మాట?" అంది హరిచందన.

"ఎవలూ అడగలే."

హరిచందన ఒక అడుగు దగ్గరికి వచ్చింది. "ఈ పని నువ్వే చెయ్యాలని లేదు. వద్దంటే ఇంకొకరిని చూస్తాను. నిన్ను ఎవరూ ఏమీ అనరు."

"ఇంకొగలెవలు? ఇంకొగలకైతే ఏం గాదా?" రవళి బుట్ట ఎత్తుకుంది. "నేనే జేస్త. గని ఏం జెయ్యాల్నో సాఫ్‌గ చెప్పుర్రి. ఎందుకో గూడ చెప్పుర్రి."

హరిచందన తిరిగి వచ్చి కూర్చుంది. ఇంగ్లీషులో మొదలుపెడితే వేళ్లలోంచి మళ్లీ ఆ పాత మాటలే వస్తాయని తెలుసు. ఆ ఫ్యాక్టరీలో ఎవరూ తెలుగులో మెయిల్ రాయరు. ఆమె తెలుగులోనే రాసింది. సునీల్‌కుమార్ సంగతి అందులో రాయాలా అని ఆలోచించింది. వద్దనుకుంది. అది ఎదురుగా చెప్పుకున్న మాట. మెయిల్లో పెడితే బరువు ఆమె మీద వేసినట్టు అవుతుంది.

*విషయం: మూడో ట్యాంకుకు తగిలి ఉన్న గొట్టాలు, శుక్రవారం సాయంత్రానికి చూసి చెప్పగలవా?*

*రవళీ,*

*సోమవారం మూడో ట్యాంకు లోపల శుభ్రం చేయడానికి మనుషులు దిగుతారు. వాళ్లు దిగేముందు ఏ గొట్టంలోంచీ లోపలికి ఏదీ రాదని మనకు ఖాయంగా తెలియాలి. మన దగ్గరున్న డ్రాయింగు పాతది. ఆ తర్వాత జరిగిన మార్పులన్నీ అందులోకి ఎక్కాయని నాకు నమ్మకం లేదు. అందుకే కంటితో చూడాలి. రోజూ అక్కడ తిరిగేదానివి కాబట్టి నిన్ను అడుగుతున్నాను.*

*నాకు కావాల్సింది: ట్యాంకుకు తగిలిన ప్రతి గొట్టం ఎక్కడినుంచి వస్తోందో, మధ్యలో వాల్వు ఉందో లేదో డ్రాయింగు మీద పెన్నుతో గుర్తుపెట్టి, ఒక్కోదానికి ఒక ఫొటో. ఏ గొట్టం చివరైనా కనపడకపోతే దాని పక్కన 'తెలియదు' అని రాయి. పని సగంలో వదిలావని నేను అనుకోను. అది తెలియడమే నాకు ముఖ్యం.*

*మూత తీయడం, వాల్వు తిప్పడం, ఏదైనా విప్పడం ఈ పనిలో లేవు. అలాంటి అవసరం కనపడితే ఆగి నాకు ఫోన్ చెయ్యి. మెయింటెనెన్సు మహేంద్రతో మాట్లాడాను. ఎత్తులో ఉన్నవి ఆయన చూస్తాడు, నువ్వు ఎక్కనక్కర్లేదు.*

*శుక్రవారం నాలుగింటికి అందితే బాగుంటుంది. శనివారం పొద్దున, లోపలికి దిగడానికి పర్మిట్ ఇచ్చే మీటింగులో దీన్ని చూసే ఏవి మూయాలో తేలుస్తాం. ఇప్పుడు నీ చేతిలో ఉన్న పనులకు ఇది అడ్డమైతే రేపు పొద్దున చెప్పు, ఏది పక్కన పెట్టాలో మీ ఇన్‌ఛార్జితో నేను మాట్లాడతాను. సమయమే చాలదనిపిస్తే అదీ చెప్పు, తేదీ మార్చుకుందాం.*

*పాత మెయిళ్లేవీ కింద పెట్టలేదు. అందులో నీకు పనికొచ్చేదంతా ఇక్కడ రాశాను. డ్రాయింగు జత చేశాను.*

*హరిచందన*

రెండుసార్లు చదువుకుంది. తర్వాత అడ్రసు గడిలో పేరు పెట్టాలి కాబట్టి, పైపేరు వంక చూడకుండా కిందిదాన్ని ఎంచి పంపింది.

మర్నాడు పొద్దున్నే రవళి ఫోన్ చేసింది. "మేడం, మెయిల్ చదివిన. రెండు సంగతులు అడుగాలె. శుక్రారం దినమంత నాకు ల్యాబు శాంపిళ్లున్నయి. పొద్దుగూకెదాక తెమలయి."

"సరే. వాటికి ఇంకొకరిని పెట్టమని మీ ఇన్‌ఛార్జికి ఇప్పుడే చెప్తాను. రెండోది?"

"'తెలియదు' అని రాస్తే నిజంగ ఏమనరా? ఇంచార్జి సార్ డ్రాయింగుల ఖాళీ ఉంటె ఒప్పుకోడు. నింపి తెమ్మంటడు."

"ఆ కాగితం నాకు కావాలి, ఆయనకు కాదు. రాయి."

ఇన్‌ఛార్జి కాస్త గొణిగాడు గానీ ఒప్పుకున్నాడు. శుక్రవారం పొద్దున నుంచి రవళి, మహేంద్ర ట్యాంకు చుట్టూ తిరుగుతుంటే హరిచందన తన గది కిటికీలోంచి చూసింది. రవళి ఒక్కో గొట్టం కింద నిలబడి తల పైకెత్తి, అది పోయినంత దూరం నడిచి, తిరిగి ట్యాంకు దగ్గరికే వచ్చి ఇంకోదాంతో మొదలుపెడుతోంది. ఒకసారి ట్యాంకు మూత వైపు తిరిగి ఏదో అన్నట్టు అనిపించింది. పక్కన మహేంద్ర లేడు. పెదవులు కదలడం మాత్రం కనిపించింది.

మూడున్నరకు డ్రాయింగు అందింది. కిందున్న గొట్టాలన్నిటికీ గుర్తులు, ఫొటోలు ఉన్నాయి. పాత నైట్రోజన్ గొట్టాన్ని ప్రమాదం తర్వాత కోసేసి చివర మూసేశారు, దానికీ ఫొటో ఉంది. ట్యాంకు నెత్తిన ఒక లావు గొట్టం. లోపలి గాలి బయటికి పోవడానికి పెట్టింది. డ్రాయింగులో అది తిన్నగా ఆకాశంలోకి పోతున్నట్టు ఉంది. దాని పక్కన రవళి నీలం పెన్నుతో రాసింది: 'ఇది పైకి పోవట్లే. పక్కకు తిరిగింది. గొట్టాల గుంపులో కలిసిపోయింది. ఎక్కడ ముగిసిందో కనపడలే. తెలియదు.'

హరిచందన మహేంద్రకు ఫోన్ చేసింది. "ఆ పై గొట్టం సంగతేమిటి?"

"అది వెంటు మేడం. గాలి బయటికి పోయేదే, లోపలికి వచ్చేదేముంది? దాంతో పని లేదని చెప్పిన. ఆ పిల్లే ఇనలే. తెల్వదని రాస్తనన్నది."

"ఎక్కి చూడగలవా?"

అతను నిచ్చెన వేసి, నడుముకు బెల్టు కట్టుకుని ఎక్కాడు. హరిచందన, రవళి కింద నిలబడ్డారు. అతను పైన గొట్టం పట్టుకుని మెల్లగా జరుగుతూ, రెండో ట్యాంకు మీదికి వచ్చి ఆగాడు. చాలాసేపు అక్కడే ఉన్నాడు. దిగివచ్చాక ముఖం తుడుచుకున్నాడు.

"పోయినేడు ఊరోళ్లు వాసనొస్తుందని గొడవ పెట్టిన్రు గద మేడం. అప్పుడు రెండు ట్యాంకుల వెంట్లు కలిపి ఒక్క స్క్రబ్బర్‌కు ఇచ్చిన్రు. కాంట్రాక్టోళ్లు చేసిన పని. నడుమల వాల్వు గిట్ల ఏం లేదు."

రెండో ట్యాంకు నడుస్తోంది. దాంట్లో నైట్రోజన్ ఉంది. అది ఎక్కువైనప్పుడల్లా వెంటులోకి వస్తుంది. అక్కడినుంచి, దాన్ని నీళ్లతో కడిగి వాసన తీసి వదిలే స్క్రబ్బర్‌కు పోవాలి. కానీ పక్కనే, అదే గొట్టానికి కలిసి ఖాళీగా ఉన్న మూడో ట్యాంకు ఉంది. ఆ గొట్టంలోంచి గాలి బయటికే పోతుందని అందరూ అనుకున్నారు. లోపలికీ వస్తుంది. బహుశా ఏడాదిగా చడీచప్పుడు లేకుండా వస్తూనే ఉంది.

ముగ్గురూ ట్యాంకు వంక చూశారు. ఖాళీ అనుకున్నది ఖాళీ కాదు. అందరూ తప్పించుకుని పోయే ఆ ట్యాంకులో ఇన్నాళ్లూ అదే గ్యాసు కూర్చుని ఉంది, మళ్లీ ఎవరో ఒకరు తల వంచుతారని.

రవళి హరిచందన వైపు తిరిగింది. "మేడం, ఉట్టిగ లైన్లు చెక్ జెయ్యమంటె నేను గూడ వెంటే గద అనుకుని టిక్కు పెడుదు. లోపలికి మనిషి దిగుతడని రాసిన్రు గదా. గది యాదికొచ్చి పెట్టలే."

శనివారం మీటింగులో శివరామకృష్ణ ఆ డ్రాయింగును రెండు చేతులతో పట్టుకుని చూశాడు. "సోమవారం కుదరదన్నమాట," అన్నాడు. కోపంగా అనలేదు. ఎవరో చెవిలో చెప్పింది వింటున్నవాడిలా అన్నాడు. ఆ వెంటును మూడో ట్యాంకు నెత్తి దగ్గర విప్పి, మధ్యలో స్టీలు బిళ్ల బిగించి మూసేయాలని, మిగతా గొట్టాలకూ అలాగే చేయాలని తేల్చారు. తర్వాత మూతలు తెరిచి ఫ్యానుతో బయటిగాలి పంపి, ప్రాణవాయువు సరిపడా ఉందని మీటరు చూపించాకే మనిషి దిగాలి. పని బుధవారానికి వాయిదా పడింది.

బుధవారం ఎండెక్కాక బిహారు నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లలో ఒకడు నడుముకు తాడు కట్టుకుని లోపలికి దిగాడు. మూత దగ్గర కాపలా ఉండేది ఎవరని హరిచందన అడిగేలోపే రవళి వచ్చి నిలబడింది. మీటరును దారంతో లోపలికి వదిలింది. దిగినవాడి పేరు అడిగి తెలుసుకుని, కాసేపటికోసారి ఆ పేరు పెట్టి పిలుస్తూ ఉంది. లోపలినుంచి "హా దీదీ" అని వినపడేది. స్టీలు గోడలకు తగిలి ఆ గొంతు ఒకటి నాలుగైనట్టు, అందులో ఒకటి వేరే ఎవరిదో అయినట్టు వచ్చేది.

ఒకసారి పిలిస్తే బదులు రాలేదు.

రవళి మళ్లీ పిలిచింది. ఫ్యాను హోరు తప్ప ఏమీ లేదు. హరిచందన తాడు పట్టుకున్న రెండో కుర్రాడి చేయి పట్టుకుంది. మహేంద్ర ఒక అడుగు ముందుకు వేశాడు. రవళి మూతలోకి వంగలేదు. వంగబోయి, రెండు చేతులతో అంచు పట్టుకుని వెనక్కి తూలి ఆగింది. తాడును గట్టిగా లాగింది.

"క్యా హువా దీదీ?" అని అడిగింది లోపలి గొంతు. వాడు గోడను చీపురుతో రుద్దుతుంటే వినపడలేదట.

ఎవరూ నవ్వలేదు. రవళి మాత్రం "కుచ్ నై. బోల్తే రహో," అంది, మాట్లాడుతూనే ఉండమని.

మధ్యాహ్నం దాటాక లోపలివాడు పైకి వచ్చాడు. ఇద్దరూ కొళాయి దగ్గర ముఖాలు కడుక్కుని, పులిహోర పొట్లాలు విప్పి తింటూ కూర్చున్నారు. వాళ్లు తింటుంటే రవళి కన్నార్పకుండా చూసింది. వాళ్లకు ఆ ట్యాంకు సంగతి ఏమీ తెలియదు. ఇది మరో ఫ్యాక్టరీలో మరో ట్యాంకు, అంతే.

సాయంత్రం మూత బిగించడానికి మహేంద్ర బోల్టులు తెచ్చాడు. మీటరు తీసేశారు, ఫ్యాను ఆపేశారు. ఫ్యాను ఆగగానే ఆ చోటంతా ఒక్కసారి ఖాళీ అయినట్టు అనిపించింది.

"ఇగ మూద్దామా?" అన్నాడు.

"జెర ఆగు అన్నా," అంది రవళి.

మూతకు బారెడు దూరంలో నిలబడి, పొద్దున్నుంచి పిలిచినంత గట్టిగానే పిలిచింది. కానీ ఈసారి ఆ బిహారు కుర్రాడి పేరు కాదు.

"సునీలన్నా!"

గొంతు లోపల తిరిగి తిరిగి, గోడలకు కొట్టుకుని అణిగిపోయింది. హరిచందన తనకు తెలియకుండానే ఊపిరి బిగబట్టి చెవి పెట్టి వింది. రవళి కూడా తల పక్కకు వంచి, అవతలివాళ్లు చెప్పేది పూర్తయ్యేదాకా ఆగినట్టు ఆగింది.

తర్వాత మహేంద్ర వైపు తిరిగి తలూపింది.

"ఎవలు లేరు. బిగియ్యి."